రద్దు కాదు, వాయిదా

మా కోడలికి కోపం వచ్చిందంటే మా వీధిలో కుక్కర్లు విజిల్ వెయ్యడానికి కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాయి. ఇది నా మాట కాదు, పక్కింటావిడ అన్నది. అబద్ధమైతే ఆ పాపం ఆవిడదే. మా కోడలు ఒకసారి స్టాపులో నిలబడి ఉండగా ఆపకుండా వెళ్ళిపోయిన బస్సు, వెనకనుంచి ఆమె అన్న ఒక్క మాటకు మూడు వీధులు రివర్సులో వచ్చిందని చెప్పుకుంటారు. నేను మాత్రం రెండు వీధులనే చెబుతాను. అతిశయోక్తి నాకు గిట్టదు.

మనిషిని చూస్తే ఆవగింజంత ఉంటుంది. అందుకే ఇంట్లో నేను పెట్టిన పేరు కూడా అదే. ఆవగింజకు వేడి తగలనంతసేపు చప్పుడు ఉండదు. తగిలాక మాత్రం మనం మూత వెతుక్కోవాలి.

ఆమె కోపానికి ఒక లక్షణం ఉంది. అరిచేవాళ్ళ మీద రాదు, ఆలస్యంగా వచ్చేవాళ్ళ మీద రాదు, అప్పడం మాడ్చినవాళ్ళ మీద కూడా రాదు. చెప్పవలసిన మాట చెప్పవలసిన మనిషికి చేరకపోతే వస్తుంది. పెళ్ళికి ముందు ఒక ఉద్యోగం కోసం ఊరికి ఆ చివరన పరీక్షకు వెళ్ళిందట. గేటుకు తాళం. తేదీ మారిందన్న కాగితం అంటించారు, కాని గేటు లోపలి వైపు. వాచ్‌మన్ చదువుకోవాలని కాబోలు. ఎండలో నిలబడి కమ్మీల సందులోంచి మెడ తిప్పి తిప్పి ఆ కాగితం చదివిన రోజున ఆమె లోపల ఏదో పొయ్యి అంటుకుంది. ఈ రోజుకీ ఆరలేదు.

అటువంటి మనిషికి దొరికిన ఉద్యోగం ఏమిటంటే, నోటీసులు పంపడం.

బ్యాటరీల దుకాణం మీద రెండు గదుల్లో ఎక్స్‌రే టెక్నీషియన్ల సంఘం ఉంది. ముందు గదిలో మా కోడలి బల్ల, కంప్యూటరు, ఒక ఇనప బీరువా, వచ్చేపోయేవాళ్ళకు ఒక బెంచీ. ఆ బెంచీ మీద ఫ్యాను సూటిగా తిరుగుతుంది, రెండు దినపత్రికలు ఉచితంగా ఉంటాయి. కాబట్టి ఉదయం పూట నేను అక్కడే ఉంటాను. వెనక గది అధ్యక్షులవారిది. పెద్ద ఆసుపత్రిలో ఎక్స్‌రే విభాగం చూసి రిటైరయిన మనిషి. ఎక్కడ కొత్త మిషను పెట్టినా ప్రారంభోత్సవానికి ఆయన్నే పిలుస్తారు. పిలవకపోయినా వెళతాడు. బ్యాగులో సొంత కత్తెర ఉంటుందని నా అనుమానం. ఆఫీసులో అందరూ చాటుగా పిలిచే పేరు రిబ్బను గారు.

ఈ సంఘం చేసే పనుల్లో ముఖ్యమైనది ఒకటుంది. ఎక్స్‌రే మిషను దగ్గర నిలబడే ప్రతివాళ్ళూ ప్రభుత్వ కౌన్సిల్లో పేరు నమోదై ఉండాలి. గడువు తీరేలోగా దాన్ని పునరుద్ధరించుకోవాలి. అందుకు రేడియేషన్ భద్రత మీద ఇన్ని క్లాసులు విన్నామని సర్టిఫికెట్లు చూపించాలి. ఒకప్పుడు హాల్లో కూర్చోబెట్టి చెప్పేవారు, ఇప్పుడు వెబినార్. ముందుగా పేరు రిజిస్టర్ చేసుకుంటే ఎవరి లింకు వారికి మెయిల్లో వస్తుంది. క్లాసు జరుగుతుండగా ఉంటేనే లెక్క. ఆలస్యంగా పదిహేను నిమిషాలు దాటి వచ్చినా, తర్వాత రికార్డింగు ఎంత భక్తిగా చూసినా హాజరు పడదు.

ఆ నెల ఇరవై మూడు, శనివారం మధ్యాహ్నం అటువంటి క్లాసు ఒకటి పెట్టారు. నాలుగు వందలమంది దాకా పేర్లిచ్చారు. ఆ వారం మొదట్లో ఒక ఉదయం మా కోడలు బల్ల దగ్గర కూర్చుందో లేదో ఫోను మోగింది. స్పీకరులో పెట్టింది, ఎందుకంటే రెండో చేత్తో కంప్యూటరు ఆన్ చేస్తోంది.

"మేడమ్, శనివారం క్లాసు రద్దు చేశారా?"

"లేదే. ఎవరు చెప్పారమ్మా?"

"మీరే చెప్పారు! పొద్దున్నే మెయిలు చూశాను. ఈ వెబినార్ రద్దయింది అని. ఇంకేం రాయలేదు. కనీసం అయ్యో అని కూడా రాయలేదు."

ఫోనులో వెనక చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ అమ్మాయి ఒక చిన్న క్లినిక్కులో ఒంటరి టెక్నీషియను. కాన్పు వల్ల కిందటి క్లాసులు తప్పిపోయాయి. ఇంక ఒక్క క్లాసు తక్కువ. నెలాఖరుతో ఆమె నమోదు గడువు తీరిపోతుంది.

"ఒకటో తారీఖున కాగితం చూపించకపోతే మా క్లినిక్ ఆయన నన్ను మిషను గదిలోకి రానివ్వడు మేడమ్. రానిస్తే ఆయన్ను పట్టుకుంటారు కదా. ఇప్పటికే ఇంకో మనిషి కోసం వాకబు చేస్తున్నాడు. శనివారం సెలవు కోసం నేను ఆయన కాళ్ళు తప్ప అన్నీ పట్టుకున్నాను. ఇప్పుడు రద్దంటే ఏం చెయ్యను? మీకేం, ఒక్క బటను!"

"అమ్మా, నీ పేరు ఎక్కడికీ పోదు. నెలాఖరులోగా నిన్ను క్లాసులో కూర్చోబెట్టే పూచీ నాది. సాయంత్రంలోగా నీకు నోటీసు వస్తుంది. చదువు."

ఫోను పెట్టేసి స్క్రీను చూసింది. చూస్తూ చూస్తూ ఉండగా ఆమె చెవులు ఎర్రబడ్డాయి. నేను పేపరు మడిచి పక్కన పెట్టాను. వార్తలు ఇక ఇక్కడే పుడతాయని తెలిసిపోయింది.

వెనక గది తలుపు తీసే ఉంది. రిబ్బను గారు టీ తాగుతున్నాడు.

"సార్, శనివారం క్లాసు రద్దు చేసింది మీరా?"

"నేనేనమ్మా. నిన్న నువ్వు వెళ్ళాక నేనే స్వయంగా కూర్చుని చేశాను. ఈ వయసులో నేర్చుకున్నాను చూశావా!"

"ఎందుకు చేశారు?"

"వాయిదా వేశాం కదా. వచ్చే నెల పద్నాలుగుకు. కొత్త తేదీకి కొత్తది తెరిచాను కూడా. వెబ్‌సైటులో లింకు పెట్టించాను."

"వాయిదా వేస్తే తేదీ మారుస్తారు సార్. ఉన్నదాంట్లోనే తేదీ మారిస్తే చాలు, పేర్లిచ్చినవాళ్ళందరూ అలాగే ఉంటారు, వాళ్ళ లింకులూ అవే ఉంటాయి. మీరు మొత్తం రద్దు కొట్టారు."

"పాత బుకింగు రద్దు చెయ్యకుండా కొత్త తేదీ ఎలా తీసుకుంటామమ్మా? పద్ధతుండొద్దూ! ఇదివరకోసారి హాలు రద్దు చెయ్యడం మరిచిపోతే ఏమైంది? హాలువాడు తాళం తీసి కూర్చున్నాడు, మైకువాడొచ్చాడు, కుర్చీలొచ్చాయి, మనమే లేము. ఎంత అప్రతిష్ఠ!"

"సార్, ఇక్కడ కుర్చీలు లేవు!"

"కుర్చీలు లేకపోయినా మర్యాద ఉంటుంది కదా."

నవ్వాలో ఏడవాలో తెలియని చోట మా కోడలు నవ్వదు, ఏడవదు. కింద బ్యాటరీల దుకాణంలో ఆ సమయంలో చార్జింగు పెట్టిన బ్యాటరీలన్నీ ఒక్కసారిగా నిండిపోయాయని దుకాణంవాడు తర్వాత నాతో అన్నాడు. వాడి మాట ఎంతవరకు నమ్మాలో నాకు తెలియదు.

"మర్యాదా? మీరు రద్దు నొక్కగానే నాలుగు వందలమందికి రద్దయిందని మెయిలు పోయింది. వాళ్ళ దగ్గరున్న లింకులన్నీ చచ్చాయి. కొత్తదాంట్లో వాళ్ళ పేర్లు ఒక్కటి లేదు. సున్నా! వాళ్ళు మళ్ళీ మొదటినుంచీ పేర్లివ్వాలి. ఈలోగా వెబ్‌సైటులో లింకు చూసిన ఊరివాళ్ళందరూ పేర్లిచ్చేస్తున్నారు. సీట్లున్నవి అయిదు వందలు. అప్పుడే ఎనభై దాకా నిండాయి కూడా. నెల రోజుల ముందు పేరిచ్చినవాడికి చోటుండదు. ఇంత ముచ్చటగా వాయిదా ఎందుకు వేశారో చెప్పండి ముందు."

"అనివార్య కారణాలు."

"ఏం కారణాలు?"

రిబ్బను గారు టీ కప్పులోకి చూశాడు. కారణం అందులో లేదు. చివరికి చెప్పాడు. ప్రారంభోపన్యాసానికి ఒక పెద్దాయనను పిలుద్దామనుకున్నారు. ఆయనకు ఈ నెల తీరిక లేదు. పద్నాలుగున ఒక పది నిమిషాలు ఇస్తానన్నాడు.

"మరి పాఠం చెప్పే డాక్టరుగారి సంగతి?"

"ఆయనకు చెప్పాం."

"అడిగారా, చెప్పారా?"

"నువ్వు లాయరువి కావలసినదానివమ్మా."

"అయ్యుంటే బాగుండేది, ఇప్పుడు నోటీసు వేరే రకంగా ఇచ్చేదాన్ని!"

అంటూ ముందు గదిలోకి వచ్చి, కూర్చోకుండానే డాక్టరుగారికి ఫోను చేసింది. ఆయన మాట నెమ్మది. "నాకు శనివారం ఖాళీయేనమ్మా. స్లైడ్లు కూడా సిద్ధం. వాయిదా అని నాకు కబురొచ్చింది, ఎందుకని నేను అడగలేదు. నాకు వచ్చే నెల కూడా ఇబ్బంది లేదు."

"సార్, నెలాఖరుకు గడువు తీరేవాళ్ళున్నారు. వాళ్ళవరకు శనివారమే చెబుతారా?"

"ఒక్కరున్నా చెబుతాను. రెండుసార్లు చెబితే నాకే మంచిది, మొదటిసారి మరిచిపోయినవి రెండోసారి చెప్పొచ్చు."

తర్వాత కౌన్సిలు ఆఫీసుకు చేసింది. ఆ గుమస్తా చాలాసేపు హోల్డులో పెట్టి పాట వినిపించి, చివరికి తేల్చి చెప్పాడు. శనివారం తేదీకి ఇచ్చిన అనుమతి ఇంకా రద్దు కాలేదు, ఆ రోజు క్లాసు జరిగితే లెక్కలోకి వస్తుంది. పద్నాలుగో తేదీకి వేరే అనుమతి అడగాలి. గడువు తీరాక విన్న క్లాసు గడువుకు ముందు విన్నట్టు రాయడం మాత్రం బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదు.

ముందుగా కొత్త వెబినార్‌లో రిజిస్ట్రేషన్లు మూసేసింది. వెబ్‌సైటు లింకు తీయించింది. పాతదాంట్లోంచి అంతకుముందే దించి దాచుకున్న పేర్ల జాబితాను కొత్తదాంట్లోకి ఎక్కించింది. ఇంకో గంట ఆలస్యమైతే పాతవాళ్ళకు చోటుండేది కాదు. పేర్లు ఎక్కిన ప్రతివారికీ కొత్త లింకు దానంతటదే వెళ్ళిపోతుంది. కాని మధ్యలో రద్దు అన్న మెయిలు చూసినవాడు ఈ కొత్త లింకును చూసి ఏమనుకుంటాడు? ఏదో మోసమనుకుని తీసిపారేస్తాడు. అందుకని ఎక్కించే ముందే మెయిళ్ళు ఆపింది. నోటీసు ముందు వెళ్ళాలి, లింకు దాని వెనక వెళ్ళాలి.

అప్పుడు రిబ్బను గారు ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. "నోటీసు నేనే రాశాను. ఇది పంపించు చాలు."

ఆమె పైకి చదివింది. "అనివార్య కారణముల వలన తేదీ 23న జరుగవలసిన తరగతి వాయిదా పడినది. తేదీ 14న జరుగును. ఆసక్తి గలవారు మరల నమోదు చేసుకొనగలరు. అసౌకర్యమునకు చింతిస్తున్నాము." కాగితం బల్ల మీద పెట్టింది. "ఆసక్తి గలవారా? సార్, వాళ్ళు సినిమాకు రావడం లేదు. మరల నమోదు ఎందుకు చేసుకోవాలి, తప్పు వాళ్ళదా? ఇందులో చింతిస్తున్నది ఎవరు? మీరు చింతిస్తున్నట్టు నాకు కనబడటం లేదే!"

"అది మాటవరసకు రాస్తారమ్మా."

"నేను మాటవరసకు రాయను."

కంప్యూటరు ముందు కూర్చుని టకటకా కొట్టింది. కీబోర్డు మీద అక్షరాలు కొన్ని ఆ రోజే అరిగిపోయాయి. కొట్టి, ప్రింటు తీసి, బెంచీ మీద నా చేతిలో పెట్టింది. "మామయ్యా, కాన్వెంటులో చదివారు కదా, తప్పులు చూడండి."

కాన్వెంటులో సిస్టరు నాకు నేర్పినది ఒక్కటే. అక్షరం ఒంకరపోతే స్కేలు నిలువుగా పడుతుందని. చదివాను. మూడు పేజీలు. మొదటి పేజీలో రిబ్బను గారి పుట్టుపూర్వోత్తరాలు తప్ప అన్నీ ఉన్నాయి. రెండో పేజీలో పెద్దాయన పది నిమిషాల కోసం నాలుగు వందలమంది సెలవులు ఎలా బూడిదపాలయ్యాయో ఉంది. కొత్త తేదీ మూడో పేజీ అడుగున ఉంది.

"ఎలా ఉంది?"

"అద్భుతంగా ఉందమ్మా. కాకపోతే ఇది నోటీసు కాదు, కుళాయి దగ్గర తగాదా. ఆ చంటిబిడ్డ తల్లి ఒక చేత్తో పిల్లను పట్టుకుని రెండో చేత్తో ఫోను చూస్తుంది. తేదీ దగ్గరకు వచ్చేసరికి పిల్ల బడికి వెళ్ళే వయసొస్తుంది."

కొరకొరా చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను. కాగితం లాక్కుంది. "సరే. తేదీ పైన. వాళ్ళ పేరు ఏమైందో దాని కింద. వాళ్ళేం చెయ్యాలో దాని కింద. కాని కారణం మాత్రం రాసి తీరతాను."

"రాయొద్దని ఎవరన్నారు!"

వెనక గదిలోంచి "నేనన్నాను!" అని వినిపించింది.

మా కోడలు ఆ గది గుమ్మంలో నిలబడింది. "సార్, ఒక బేరం. అనివార్య కారణాలు అని నేను రాయను, ఎందుకంటే మీరు అనుకుంటే నివారించి ఉండేవారు. ముఖ్య అతిథిగారి తీరిక వల్ల అని ఉన్నదున్నట్టు రాస్తాను. అది నాలుగు వందలమందికి పోతుంది. వాళ్ళ క్లినిక్కుల్లో గోడలకు అంటిస్తారు. అతిథిగారు కూడా చదువుకుంటారు."

"అమ్మా, అమ్మా, ఆగు..."

"లేదంటే సంఘం నిర్ణయం వల్ల అని రాస్తాను. అదీ నిజమే. బదులుగా గడువు తీరేవాళ్ళకు శనివారం క్లాసు ఉంటుంది. మీ ప్రారంభం, పూలదండ, ఫోటో అన్నీ పద్నాలుగున పెట్టుకోండి."

"శనివారం క్లాసుకు ప్రారంభోపన్యాసం లేకుండా ఎలాగమ్మా? కనీసం నేను రెండు మాటలు..."

"శనివారం ప్రారంభం లేదు సార్. పాఠమే ఉంది."

కప్పు సాసరు మీద పెట్టిన చప్పుడు వినిపించింది. "సరే, నీ ఇష్టం. కాని సంతకం నాది వద్దు. నీ పేరే పెట్టుకో, నీ నంబరే ఇచ్చుకో. ఏమన్నా వస్తే నువ్వే పడు."

"అదే పెడతాను!"

వెళ్ళిన నోటీసు ఇది. నా దగ్గర ఇంకా ఉంది.

"మీరు పేరిచ్చిన రేడియేషన్ భద్రత క్లాసు రద్దు కాలేదు, వాయిదా పడింది. రద్దయిందని నిన్న సాయంత్రం వచ్చిన మెయిలు మా పొరపాటు.

కొత్త తేదీ వచ్చే నెల 14, శనివారం, మధ్యాహ్నం మూడు గంటలకు. సంఘం నిర్ణయం వల్ల తేదీ మారింది.

మీ రిజిస్ట్రేషన్ అలాగే ఉంది. మళ్ళీ పేరివ్వనక్కరలేదు. ఈ నోటీసు తర్వాత ఇదే మెయిలుకు కొత్త లింకు వస్తుంది. పాత లింకు పనిచేయదు, దాన్ని మీ ఫోను క్యాలెండరులోంచి కూడా తీసేయండి.

14న రాలేనివారు గురువారంలోగా 'రాలేను' అని జవాబివ్వండి. మీ సీటు ఎదురుచూస్తున్నవారికి ఇస్తాం, తర్వాతి క్లాసులో మొదటి సీటు మీది. జవాబు లేకపోతే వస్తున్నట్టే అనుకుంటాం.

ఈ నెలాఖరుతో గడువు తీరేవారికి మాత్రం 23నే, పాత సమయానికే, విడిగా క్లాసు ఉంటుంది. 'శనివారం' అని ఒక్క మాట జవాబిస్తే అందులో చేరుస్తాం. రికార్డింగు పంపుతాం, కాని దానికి హాజరు పడదు.

మెయిలు కష్టమైతే ఈ నంబరుకు ఫోను చేయండి."

కింద తన పేరు, నంబరు.

ఆ నంబరు ఆ రోజునుంచి మా ఇంట్లో గడియారం కన్నా ఎక్కువగా మోగింది. చదివి అర్థమైనవాళ్ళు ఫోను చెయ్యరు కదా. ఒకాయన, "మీరు మళ్ళీ పేరివ్వనక్కరలేదన్నారు, అయినా ఎందుకైనా మంచిదని ఇద్దామంటే మూసేశారు, తెరవండి" అన్నాడు. ఒకావిడ, "నేను గురువారం రాలేను" అంది. "గురువారం ఏమీ లేదమ్మా!" అంటే, "మరి గురువారంలోగా అన్నారు?" ఇంకొకాయన రాలేను అని జవాబిచ్చి, ఎందుకు రాలేడో తన కుటుంబ చరిత్రంతా చెప్పాడు. నా కొడుకు ఆ వారమంతా భార్యతో మాట్లాడాలంటే తనూ పేరివ్వాలేమో అని నాతో మొరపెట్టుకున్నాడు. ఆమె ప్రతి ఒక్కరికీ అదే జవాబు, అదే ఓపికతో. కోపం వాళ్ళ మీద కాదు. ఫోను పెట్టేశాక మాత్రం వెనక గది వైపు ఒక చూపు. ఆ గోడ సున్నం అక్కడ కొంచెం నల్లబడి ఉంటుంది, ఇప్పుడు వెళ్ళినా చూడొచ్చు.

చంటిబిడ్డ తల్లి దగ్గరనుంచి మెయిల్లో 'శనివారం' అన్న ఒక్క మాట వచ్చింది. మా కోడలు ఆమె పేరు శనివారం క్లాసులో తానే ఎక్కించింది. క్లినిక్ ఆయనకు చూపించడానికి సంఘం తరఫున రెండు వాక్యాలు కూడా రాసి పంపింది.

శనివారం వచ్చింది. మా కోడలు ఆఫీసులో కంప్యూటరు ముందు. నేను బెంచీ మీద. డాక్టరుగారు వాళ్ళింట్లోంచి. క్లాసు మొదలైంది. స్క్రీను పక్కన వచ్చినవాళ్ళ పేర్ల వరుస పెరుగుతోంది. ఆ పేరొక్కటి రావడం లేదు.

"పిల్ల పడుకోలేదేమో," అన్నాను.

"మామయ్యా, మాట్లాడకండి."

డాక్టరుగారు మొదటి స్లైడు దాటాడు. రెండోది దాటాడు. మా కోడలు ఫోను తీసింది. అవతల మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. ఈసారి ఆ అమ్మాయి ఎత్తింది. ఎత్తిన వెంటనే ఇవతలికి తుపాను వచ్చింది.

"మళ్ళీ రద్దే కదా మేడమ్! నాకు తెలుసు! ఇంట్లో సిగ్నలు లేక క్లినిక్ స్టోరు గదిలో మందుల పెట్టె మీద కూర్చుని పది నిమిషాలనుంచి నొక్కుతున్నాను, రద్దయింది, రద్దయింది, రద్దయింది! ఫోను కూడా వినిపించలేదు అంత ఏడుస్తున్నాను. మా ఆయనకు తలుపు బయట పిల్లను ఇచ్చి..."

"అమ్మా, ఎక్కడ నొక్కుతున్నావు?"

"ఎక్కడేమిటి, గంట కొట్టింది కదా ఫోను, దాంట్లోనే!"

క్యాలెండరు. పాత తేదీ, పాత సమయం, పాత లింకు. నోటీసులో చదివింది, కాని తియ్యలేదు. సమయం కాగానే ఫోను నమ్మకమైన కుక్కలా ఆ పాత గుమ్మం దగ్గరకే తీసుకెళ్ళింది.

"అది వదిలెయ్. మెయిలు తెరువు. మొన్న సాయంత్రం నా పేరు మీద వచ్చింది. దొరికిందా? కిందికి రా. ఇంకా కిందికి. నీలం అక్షరాలు. నొక్కు!"

"తిరుగుతోంది..."

"తిరగనీ. కదలకు. సిగ్నలు ఉన్న చోటే ఉండు."

నేను గడియారం చూడలేదు. చూస్తే ఆగిపోతుందేమోనని భయం. మా కోడలి రెండు కళ్ళూ పేర్ల వరుస మీద. అందులో ఒక పేరు మీద చిన్న చెయ్యి గుర్తు ఎగురుతోంది. రిబ్బను గారు. ఇంటినుంచి మామూలు శ్రోతలాగే లింకు నొక్కి వచ్చాడు. ఈ రకం క్లాసులో శ్రోతకు మైకు ఉండదు. మాట్లాడాలంటే చెయ్యి ఎత్తాలి, నడిపించేవాళ్ళు అనుమతి ఇవ్వాలి. మొదలైన క్షణంనుంచి ఆయన చెయ్యి ఎత్తే ఉంచాడు. ప్రారంభోపన్యాసం లోపలే పొంగుతోంది పాపం.

"ఏమ్మా, ఆయన చెయ్యి ఎత్తారు," అన్నాను.

"ఎత్తనివ్వండి. రక్తప్రసరణకు మంచిది."

అప్పుడు ఆ పేరు వచ్చింది. వరుస చివర, మెల్లగా, తలుపు సందులోంచి తల పెట్టినట్టు. పదిహేను నిమిషాలు ఇంకా దాటలేదు. మా కోడలు ఫోనులో గుసగుసగా, "వచ్చావు. కనిపిస్తున్నావు. ఇక ఫోను పెట్టెయ్, పాఠం విను. మధ్యలో ప్రశ్నలొస్తాయి, వాటికి జవాబు నొక్కు, లేకపోతే నువ్వు నిద్రపోయావనుకుంటుంది కంప్యూటరు," అంది.

చివరిదాకా ఆ పేరు వరుసలోంచి కదలలేదు. చివరిదాకా రిబ్బను గారి చెయ్యి దిగలేదు. డాక్టరుగారు నమస్కారం చెప్పాక స్క్రీను మూసి, హాజరు వివరాలు తీసి, ఆ ఒక్క సర్టిఫికెట్టు ముందు పంపింది. మిగిలినవన్నీ దాని తర్వాత.

సోమవారం రిబ్బను గారు వచ్చి, ఇక మీదట నోటీసులు తానే చూసుకుంటానన్నాడు. "చూసుకోండి సార్. మీ నంబరు వెయ్యండి కింద," అంది మా కోడలు. ఆయన వెనక గదిలోకి వెళ్ళి ఆలోచించుకున్నాడు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

నెలాఖరు రోజున నేను బెంచీ మీద ఉండగా ఫోను వచ్చింది. చంటిబిడ్డ తల్లి. నమోదు పునరుద్ధరణ అయిపోయిందట, కాగితం క్లినిక్ గోడ మీద పెట్టేశారట. మా కోడలి ముఖం విచ్చుకుంది. థాంక్స్ చెబుతుందనుకున్నాం ఇద్దరం.

"చెప్పను మేడమ్," అంది ఆ అమ్మాయి. "థాంక్స్ చెప్పను. రద్దు అన్నారు, కాదన్నారు, పద్నాలుగు అన్నారు, శనివారం అన్నారు. వారం రోజులు నాకు అన్నం సహించలేదు, పాలు ఎండిపోయాయి, పిల్ల ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. మా క్లినిక్ ఆయన రోజూ నన్ను చూసి, ఏమమ్మా, ఈ రోజు ఉందా లేదా అని నవ్వాడు. మీ సంఘంలో ఎవరో ఒక బటను నొక్కితే నా ఇంట్లో పొయ్యి ఆరిపోవాలా? మీ పెద్దవాళ్ళకు ఇది ఆటగా ఉందా? మీరు మంచివాళ్ళే కావచ్చు, నాకు తెలుసు, కాని నేను ఇవాళ ఎవర్నో ఒకర్ని తిట్టాలి, కింద మీ నంబరే ఉంది!"

"తిట్టమ్మా," అంది మా కోడలు. "అందుకే వేశాను ఆ నంబరు."

ఆ అమ్మాయి తిట్టింది. ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ తిట్టింది. జీవితంలో తనను ఒక్క మాట పూర్తిగా ఎవర్నీ అననివ్వని మా ఆవగింజ, కుర్చీలోంచి లేచి నిలబడి, ఫోను చెవికి ఆనించుకుని, మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం రాకుండా, ఆ తిట్లన్నీ చివరిదాకా వింది.